మాయను సాక్ష్యానికి పిలిచిన ఆచార్యుడు

వాదానికి రమ్మని కబురు వెళ్లింది. లోకం మాయలాంటిది, ప్రాణం నీటి మీద తేలిపోయేదాని లాంటిది, సాధనకే పొద్దు చాలడం లేదు, ఇక వాదాలకు తీరిక ఎక్కడిది అని జవాబు తిరిగొచ్చింది. కబురు పంపినవాడు దక్షిణాదికి చెందిన బౌద్ధ తార్కికుడు భావవివేకుడు. జవాబిచ్చినవాడు మగధలో బోధివృక్షం దగ్గర ఉంటున్న ధర్మపాలుడు. 6వ శతాబ్దం నాటి ఈ ముచ్చట చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ గ్రంథంలో ఉంది. ధాన్యకటక దేశాన్ని, అంటే నేటి అమరావతి, విజయవాడ ప్రాంతాన్ని వర్ణిస్తూ ఆయన ఈ కథ చెప్పాడు.

ధర్మపాలుడు వాదం తప్పించుకోవడానికి వాడిన పోలికలు బౌద్ధులకు కొత్తవి కావు. వజ్రచ్ఛేదిక అనే ప్రజ్ఞాపారమితా సూత్రం ముగిసేది అలాంటి పోలికలతోనే. విచిత్రం ఏమిటంటే, అదే మాయను భావవివేకుడు వాదం మానడానికి కాక, వాదం గెలవడానికి వాడాడు.

వజ్రచ్ఛేదిక చిన్న గ్రంథం. శ్రావస్తిలోని జేతవనంలో బుద్ధుడికీ, శిష్యుడు సుభూతికీ నడిచిన సంభాషణ అది. ప్రపంచాలను రత్నాలతో నింపి దానం చేసినా, ఈ బోధలోని నాలుగు పాదాలు నేర్చి ఇతరులకు చెప్పినవాడి పుణ్యానికి సాటి రాదని బుద్ధుడు మళ్లీ మళ్లీ అంటాడు. చివర మరొక్కసారి ఆ మాటే చెప్పి, మరి ఎలా చెప్పాలి అన్న ప్రశ్న వేసి, దేనినీ పట్టుకోకుండా చెప్పాలని సూచించి, ముగింపు శ్లోకం వినిపిస్తాడు. కారణాలు కూడి పుట్టిన ప్రతిదాన్నీ తొమ్మిదింటితో పోల్చి చూడమంటుంది ఆ శ్లోకం. నక్షత్రం, కంటిజబ్బు, దీపం, మాయ, మంచుబిందువు, నీటిబుడగ, కల, మెరుపు, మబ్బు అనేవి ఆ తొమ్మిది. 5వ శతాబ్దం ఆరంభంలో కుమారజీవుడు చేసిన చైనా అనువాదంలో పోలికలు ఆరే కనిపిస్తాయి. తూర్పు ఆసియాలో బాగా ప్రచారమైంది ఆ పాఠమే. దున్‌హువాంగ్ గుహలో దొరికి ఇప్పుడు లండన్‌లో ఉన్న 868 నాటి అచ్చుప్రతి కూడా ఆ పాఠానిదే. తేదీ వేసి ఉన్న పూర్తి అచ్చు గ్రంథాల్లో అంతకంటే పాతది దొరకలేదు.

ఈ తొమ్మిదినీ వరసగా వింటే, అన్నీ క్షణభంగురం అన్న ఒకే మాటను తొమ్మిదిసార్లు చెప్పినట్టు అనిపిస్తుంది. పాత వ్యాఖ్యాతలు అలా చదవలేదు. అసంగుడి పేరుతో చెలామణిలో ఉన్న వ్యాఖ్యాకారికలు ఒక్కో పోలికకు ఒక్కో పని అప్పగించాయి. సూర్యుడు ఉదయించగానే నక్షత్రాలు కనిపించనట్టు, జ్ఞానం కలగగానే మన దృష్టులు, అభిప్రాయాలు నిలవవు. కంటిజబ్బు ఉన్నవాడికి ఖాళీ గాలిలో వెంట్రుకలు కనిపించినట్టు, మనం బయట చూసే లక్షణాలు చూపులోని దోషం నుంచి వస్తాయి. దీపం వత్తి, నూనె ఉన్నంతసేపే వెలిగినట్టు, విజ్ఞానం తన ఆధారాలు ఉన్నంతవరకే నడుస్తుంది. మాయ మనం నివసించే లోకానికీ, మంచుబిందువు దేహానికీ, బుడగ సుఖదుఃఖాల అనుభవానికీ వర్తిస్తాయి. మిగిలిన మూడూ మూడు కాలాలు. గడిచిపోయినది జ్ఞాపకంలోనే మిగులుతుంది కనుక కల. ఇప్పుడున్నది పుడుతూనే పోతుంది కనుక మెరుపు. రాబోయేది వానను లోపల దాచుకుంటుంది కనుక మబ్బు.

బుడగను అనుభవానికి జత చేయడం ఈ వ్యాఖ్యాకారుడి సొంత ఊహ కాదు. పాలి సంయుత్తనికాయలో గంగ ఒడ్డున బుద్ధుడు చెప్పిన ఒక సుత్తం ఉంది. అందులో రూపం నురగముద్ద, వేదన నీటిబుడగ, సంజ్ఞ ఎండమావి, సంస్కారాలు అరటిబోదె, విజ్ఞానం గారడీవాడి మాయ. చేవగల కలప కోసం అడవికి వెళ్లినవాడు అరటిచెట్టు నరికి, పొర తర్వాత పొర ఒలుచుకుంటూ పోతాడు. లోపల చేవ కాదు కదా, పైపొట్టు తర్వాత మెత్తటి కలప కూడా దొరకదు. కృష్ణా లంకల్లో అరటి సాగు చేసే రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. బుడగ సంగతీ అంతే. పెద్ద చినుకులు పడేటప్పుడు బందరు కాలువ నీటిని చూస్తే, చినుకు తగిలిన చోటే బుడగ లేస్తుంది. చినుకులోనూ, కాలువ నీటిలోనూ అది ముందుగా దాగి లేదు. రెండూ తాకినప్పుడు పుట్టింది. వేదన కూడా ఇంద్రియం, విషయం తాకినప్పుడే పుడుతుంది. అందుకే బుడగ వేదనకు సరిపోయింది.

ఇదే బుడగను ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే సుహృల్లేఖలో వేరేగా వాడాడు. గాలి కొట్టిన బుడగ కంటే ప్రాణం నిలకడ లేనిదని, విడిచిన ఊపిరి మళ్లీ తీసుకోగలగడమే ఆశ్చర్యమని రాజును హెచ్చరించాడు. అక్కడ బుడగ చావును గుర్తు చేస్తుంది. వజ్రచ్ఛేదికలో అది వస్తువు ఎలా ఏర్పడిందో చూపిస్తుంది. మొదటిదానితో వైరాగ్యం కలుగుతుంది. రెండోదానితో తర్కం మొదలవుతుంది. భావవివేకుడు అందుకున్నది ఈ రెండోదాన్నే.

ఆయన గ్రంథాల్లో ఒకటి కరతలరత్నం. అందులో ఆయన శూన్యవాదాన్ని అనుమాన ప్రమాణంగా కూర్చాడు. కొండ మీద నిప్పు ఉంది, పొగ కనిపిస్తోంది కనుక, వంటింట్లో మాదిరి అని తర్కశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన అనుమానం. ప్రతిజ్ఞ, హేతువు, దృష్టాంతం అని దానికి మూడు అంగాలు. భావవివేకుడి అనుమానానికీ అవే అంగాలు. కారణాలు కూడి పుట్టినవి పరమార్థ దృష్టిలో శూన్యాలు అన్నది ప్రతిజ్ఞ. అవి ప్రత్యయాల వల్ల పుట్టాయి కనుక అన్నది హేతువు. మాయ దృష్టాంతం.

దృష్టాంతానికి ఒక షరతు ఉంది. వాదించే ఇద్దరూ దాన్ని ముందే ఒప్పుకుని ఉండాలి. ఉదాహరణకు కన్ను శూన్యమంటే ఎదుటివాడు ఒప్పుకోడు, ఒప్పుకుంటే వాదమే లేదు. గారడీవాడు మట్టి, గడ్డి, మంత్రం కలిపి చూపిన ఏనుగు నిజంగా ఏనుగు కాదంటే మాత్రం అందరూ ఒప్పుకుంటారు. అది అనేక సామగ్రి కలిస్తేనే కనిపించిందనీ ఒప్పుకుంటారు. అంటే హేతువు, సాధ్యం రెండూ ఒకేచోట ఉన్న ఉదాహరణ దొరికింది. ఆపైన భావవివేకుడు ఎదుటివాడిని అడగవలసింది ఒక్కటే. కన్ను కూడా ప్రత్యయాల వల్లే పుట్టిందని నువ్వే అంటున్నావు, మరి ఏనుగుకు వర్తించింది కన్నుకు ఎందుకు వర్తించదు? సూత్రంలో ధ్యానానికి పనికొచ్చే పోలిక ఇక్కడ వాదసభలో నిలబడే ఆధారమైంది.

కన్ను, రూపం అందరికీ కనిపిస్తున్నాయి కదా, ప్రత్యక్షానికి విరుద్ధంగా ఎలా చెబుతావు అన్న ఆక్షేపణ వెంటనే వస్తుంది. ప్రతిజ్ఞలో పరమార్థం అన్న మాట చేర్చింది దీనికోసమే. వ్యవహారంలో కన్ను చూస్తుంది, అన్నం ఆకలి తీరుస్తుంది. ఆ స్థాయిలో ఆయన దేన్నీ కాదనడు. వాటికి సొంత స్వభావం ఉందన్న మాటనే కొట్టేస్తాడు. గారడీ చూసినవాళ్లకు ఏనుగు కనిపించలేదని ఎవరూ అనడం లేదు. కనిపించినంత మాత్రాన అది ఏనుగు కాదని మాత్రమే అంటున్నారు. శ్లోకాన్ని విని ఇదంతా ఉత్త కల, ఏదీ లేదు అని చేతులు దులుపుకునేవాడు తప్పటడుగు వేసేది ఇక్కడే. పోలిక వస్తువు ఉన్న తీరును చెబుతుంది, దాన్ని ఎత్తివేయదు.

రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది. అన్నీ శూన్యమైతే నీ హేతువూ శూన్యమే, శూన్యమైన మాటతో ఏం రుజువు చేస్తావు? దీనికి నాగార్జునుడే విగ్రహవ్యావర్తనిలో దారి చూపాడు. మాయతో సృష్టించిన మనిషి ఒకడు, మాయతో సృష్టించిన మరో మనిషిని అడ్డుకోగలడు. స్వభావం లేకపోయినా పని జరుగుతుంది. అడ్డుకోవడానికి అంతకంటే అవసరం లేదు.

మూడో దెబ్బ భావవివేకుడి సొంతిల్లయిన మాధ్యమికుల నుంచే తగిలింది. 7వ శతాబ్దంలో చంద్రకీర్తి ప్రసన్నపద మొదటి అధ్యాయంలో ఈ పద్ధతినే తప్పుపట్టాడు. ఇద్దరూ ఒప్పుకున్న కన్ను గురించే కదా అనుమానం నడవాలి, ఇంతకీ అది ఏ కన్ను? పరమార్థంలో ఉన్న కన్ను అంటే మాధ్యమికుడు ఒప్పుకోడు. వ్యవహారంలో మాత్రమే ఉన్న కన్ను అంటే ఎదుటివాడు ఒప్పుకోడు. అంటే పక్షమే సిద్ధించలేదు. దృష్టాంతం ఎంత గట్టిదైనా, అది నిలబడే నేల ఇద్దరికీ ఉమ్మడి కాలేదన్నమాట. ఎదుటివాడి మాటల్లోని చిక్కును బయటపెడితే చాలు, సొంతంగా అనుమానం కట్టవద్దన్నది చంద్రకీర్తి పక్షం. టిబెట్‌లో ఈ రెండు దారులకు స్వాతంత్రిక, ప్రాసంగిక అనే పేర్లు స్థిరపడ్డాయి. వాటి మీద అక్కడి మఠాల్లో ఇప్పటికీ వాదాలు నడుస్తాయి.

ఇక ధర్మపాలుడు రాలేదు కనుక, తన సందేహం తీర్చేవాడు రాబోయే మైత్రేయుడొక్కడే అని భావవివేకుడు నిశ్చయించుకున్నాడట. అవలోకితేశ్వరుడి సూచన మేరకు ధాన్యకటకం చేరి, నగరానికి దక్షిణాన ఉన్న కొండ దగ్గర మూడేళ్లు వజ్రపాణి ధారణి జపించాడు. మంత్రించిన ఆవగింజలతో రాతిని కొడితే రాయి తెరుచుకుంది. లోపలికి వెళ్లడానికి జనం జంకారు, ఆరుగురు మాత్రం వెంట నడిచారు, రాయి మూసుకుంది. ఇదంతా హ్యూయన్ త్సాంగ్ విన్న కథ. ఆ నగరం ధరణికోట అని కొందరు, బెజవాడ అని మరికొందరు వాదించారు. నగరానికి తూర్పు, పడమర కొండల మీద పూర్వశైల, అవరశైల విహారాలు ఉన్నాయన్న వర్ణన ఆధారంగా 1880లో ఫెర్గూసన్, సీవెల్ బెజవాడ వైపు మొగ్గారు.

హ్యూయన్ త్సాంగ్ ఇక్కడికి వచ్చింది 639 ప్రాంతంలో. అప్పటికే విహారాలు చాలావరకు పాడుపడ్డాయి. ఇరవై చిల్లర మాత్రమే నడుస్తున్నాయని, భిక్షువులు వెయ్యి మందికి పైగా ఉన్నారని రాశాడు. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు, వాళ్లకు మహాయాన శాస్త్రాలు చెప్పాడు. చైనాకు తిరిగి వెళ్లాక 648లో వజ్రచ్ఛేదికను తొమ్మిది పోలికలతో చైనా భాషలోకి తెచ్చాడు. మరుసటి ఏడాదే కరతలరత్నాన్ని అనువదించాడు. ఆయన స్వయంగా ధర్మపాలుడి పరంపరలో చదువుకున్న యోగాచారి. అయినా ఎదుటి పక్షం గ్రంథాన్ని కాపాడింది ఆయనే. కరతలరత్నం సంస్కృత మూలం నశించింది. 1949లో ఎన్. అయ్యస్వామిశాస్త్రి శాంతినికేతన్ నుంచి ప్రకటించిన సంస్కృత పాఠం ఆ చైనా అనువాదం నుంచి వెనక్కి కట్టినదే.