లేఖా సంబోధనలోని మౌనం: తాతగారి రెండు ఉత్తరాల ఆంగ్లానువాదం – ఒక పరిశీలన

పాత తెలుగు ఉత్తరాన్ని కుటుంబ చరిత్ర నిమిత్తం ఆంగ్లంలోకి మార్చేటప్పుడు అనువాదకులు సాధారణంగా విషయభాగం మీద దృష్టి నిలిపి, సంబోధనను ‘డియర్’ అనే ఒక్క మాటతో దాటిపోతారు. లేఖలోని సామాజిక సమాచారంలో అధికభాగం ఆ మొదటి పంక్తిలోనే ఉంటుంది. మా తాతగారు తన కుమార్తెకు వ్రాసిన రెండు ఉత్తరాలను తెలుగు చదవని తరువాతి తరం వారి కోసం అనువదించే సందర్భంలో ఎదురైన సమస్యను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను.

మొదటి ఉత్తరం మీద ‘వికృతి కార్తిక శు॥ 5’ అనీ, రెండవదాని మీద ‘ఖర పుష్య బ॥ 10’ అనీ తిథులున్నాయి. వికృతి 1950 ఉగాదితోను, ఖర 1951 ఉగాదితోను మొదలయ్యాయి. కార్తికం ఆంగ్ల సంవత్సరం ముగియక మునుపే వస్తుంది కనుక మొదటి ఉత్తరం 1950 నవంబరు నాటిది. పుష్యమాసపు కృష్ణపక్షం మాత్రం మరుసటి జనవరిలో పడింది. కాబట్టి రెండవది 1951 నాటిది కాదు, 1952 జనవరి నాటిది. సంవత్సరనామాన్ని పట్టికలో చూసి ఎదురుగా ఉన్న అంకెను వేసుకుంటే పుష్యం నుండి ఫాల్గుణం వరకు వ్రాసిన ఉత్తరాలు చాలావరకు ఒక ఏడు వెనక్కు పోతాయి.

మొదటి ఉత్తరం ‘చి॥ల॥సౌ॥’ అని, అంటే చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని మొదలవుతుంది. రెండవదానిలో ‘చి॥’ మాత్రమే ఉంది. భర్త జీవించి ఉన్న స్త్రీకే ‘సౌభాగ్యవతి’ వాడతారు కనుక ఈ లోపం అర్థవంతం కావచ్చు. అయితే చేతివ్రాతలో లేని అక్షరం నుండి అర్థం తీసే ముందు అది నిజంగా లేదో, చెరిగిపోయిందో తేల్చుకోవాలి. ఈ ఉత్తరంలో మడత రెండవ పంక్తి మీద పడింది, మొదటి పంక్తి మీద కాదు. ‘చి॥’కూ పేరుకూ నడుమ మరో అక్షరం పట్టే చోటు లేదు. విషయభాగమూ దీనికి తోడ్పడుతుంది. మొదటి ఉత్తరంలో ‘పసుపు కుంకుమల నిమిత్తం’ అని పంపిన రు. 10-8-0, రెండవదానిలో ‘ఖర్చుల నిమిత్తం’గా మారింది. (ఈ మొత్తాన్ని పది రూపాయల ఎనిమిది అణాలుగానే ఉంచాను. దశాంశ నాణేలు 1957లో గాని రాలేదు.) ఈ మూడు ఆధారాలను కలిపి చూస్తే మేనత్త వైధవ్యం ఈ రెండు తేదీల నడుమ సంభవించిందని నిర్ణయించవచ్చు. కుటుంబంలో ఎవరికీ ఆ సంవత్సరం గుర్తు లేదు. రెండు ఉత్తరాలూ ‘డియర్’తో మొదలైతే ఆంగ్లపాఠం చదివేవారికి అది ఎన్నటికీ తెలియదు.

ఇదే కట్టలో తాతగారు వితంతువైన తన అక్కగారికి వ్రాసిన ఉత్తరమొకటి ఉంది. అందులో ‘గం॥భా॥స॥’ అని స్పష్టంగా ఉంది. ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అనే ఈ మాటను అక్షరానువాదం చేస్తే పవిత్ర నదులతో పోల్చిన గొప్ప ప్రశంసగా ఆంగ్లపాఠకుడికి తోస్తుంది. వాడుకలో అది వైధవ్యాన్ని ప్రకటించే ముద్ర. శబ్దార్థం ప్రశంస, ప్రయోజనం వేరు. ఇక్కడ మూలానికి విధేయంగా ఉండటమే పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

ఈ సంప్రదాయం తెలిసిన తాతగారు దానిని కుమార్తెకు వాడలేదు. తండ్రి మనసు ఒప్పక మానుకున్నారనుకోవడం ఆకర్షణీయమైన వ్యాఖ్య. కాని చిన్నవారికి ‘చిరంజీవి’ అనే ఆశీస్సు ఎలాగూ ఉంటుంది. అక్కగారు పెద్దవారు కనుక ఆ సంబోధన ఆమెకు చెల్లదు. కేవలం వయోభేదం వల్ల కూడా ఈ తేడా రావచ్చు. మరొక చిన్నవయసు వితంతువుకు ఆయన వ్రాసిన ఉత్తరం దొరికితే తప్ప ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోలేము. అందుచేత అనువాదంలో తాతగారి మనోభావాన్ని ఊహించి చేర్చలేదు.

ఆంగ్లపాఠంలో మొదటి ఉత్తరానికి ‘దీర్ఘాయువు, సుమంగళి అయిన నా కుమార్తెకు’ అనే అర్థమిచ్చే వాక్యాన్ని, రెండవదానికి ‘దీర్ఘాయువు అయిన నా కుమార్తెకు’ అనే వాక్యాన్ని ఉంచాను. రెండూ ఆంగ్లంలో కొంత ఎబ్బెట్టుగానే వినిపిస్తాయి. ఆ ఎబ్బెట్టుతనం వల్లనే ఒకదానిలో ఉన్నది రెండవదానిలో లేదని కంటికి తెలుస్తుంది. ‘సౌ॥’ లోపించడానికి కారణాన్ని మాత్రం పాఠంలో కలపక, పుట అడుగున రెండు వాక్యాలలో వివరించాను. కుటుంబంలో కొందరు ఆ వివరణ వద్దన్నారు. మేనత్త ఏ ఉత్తరంలోనూ తనను తాను ఆ మాటతో చెప్పుకోలేదనీ, మనం ఎందుకు చెప్పాలనీ వారి అభ్యంతరం. అది తోసిపుచ్చదగినది కాదు. అందుకే ‘గం॥భా॥స॥’ ప్రస్తావనను అక్కగారి ఉత్తరం కిందనే ఉంచి, మేనత్త ఉత్తరం కింద తేదీల నిర్ణయానికి అవసరమైనంత మేరకే వ్రాశాను. మూల ప్రతి ఛాయాచిత్రమూ, అరసున్నలూ శకటరేఫలూ సవరించని తెలుగు ప్రతిలేఖనమూ ఆంగ్లపాఠానికి ఎదురు పుటలో ఉన్నాయి.