35 మాటలు, తు.చ. తప్పకుండా

కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడేవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు. పుంగనూరు నుంచి పెళ్లి సంబంధాలు కోలారు దాకా పోతాయి. మదనపల్లె టమోటా మార్కెట్‌లో కొనే మనిషిది ఒక భాష, అమ్మే మనిషిది ఇంకొకటి అయినా బేరం ఆగదు. ఇలాంటి చోట పుట్టి పెరిగినవాళ్లకు దుబాసీ పని ఒక వృత్తి అనీ, దానికి పరీక్ష ఉంటుందనీ చెబితే వింతగానే ఉంటుంది. రెండు భాషలూ వచ్చాక ఇంకేం కావాలి అంటారు. ఇంకేం కావాలో ఆ పరీక్షల ప్రశ్నపత్రాలనూ మార్కులు వేసే పద్ధతినీ దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వాటిని తయారుచేసినవాళ్ల పనితనం మీద నాకు చాలా గౌరవం.

మనవాళ్లకు బాగా తెలిసిన భాషా పరీక్ష ఐఇఎల్‌టిఎస్. అందులో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలు. పరీక్షకుడు మీ ఊరి గురించి, మీ ఇష్టాల గురించి అడుగుతాడు. చెప్పేది మీ సొంత మాట. ఒక పదం గుర్తు రాకపోతే మరో దారిలో చుట్టి చెప్పొచ్చు. అలా చుట్టి చెప్పగలగడం కూడా అక్కడ ఒక నేర్పే, దానికి మార్కులున్నాయి. తెలియని విషయాన్ని పక్కకు తప్పించి తెలిసినదాని మీదికి పోవచ్చు. భాష ఎంత పట్టుబడిందో కొలవడానికి ఇది సరైన పద్ధతే. అయితే ఇంకొకరి మాటను ఇంకొకరికి అందించే చోట ఈ సౌకర్యాలేవీ ఉండవు.

ఆస్ట్రేలియాలో నాటి అనే సంస్థ ఉంది. 1977లో మొదలైంది, అక్కడి దుబాసీలకూ అనువాదకులకూ ధ్రువపత్రాలు ఇచ్చేది అదే. అది నడిపే పరీక్షల్లో సీసీఎల్ అనేది మన తెలుగు కుర్రకారుకు బాగా పరిచయం. అది పాసైతే ఆస్ట్రేలియా వలస లెక్కల్లో 5 పాయింట్లు కలుస్తాయి. తెలుగులోనూ రాయొచ్చు. నిజానికి రాసేది ఏమీ లేదు, వినడం, చెప్పడం మాత్రమే.

రెండు సంభాషణలు వినిపిస్తారు. ఒక్కొక్కటి దాదాపు 300 మాటలు, సగం ఇంగ్లిషు, సగం తెలుగు. దాన్ని ముక్కలుగా కోసి ఉంచుతారు. ఏ ముక్కా 35 మాటలు దాటదు. ముక్క ఆగగానే మీరు రెండో భాషలో చెప్పాలి. కాగితం మీద గుర్తులు రాసుకోవచ్చు. ఒక్కో సంభాషణకు 45 మార్కులు, మొత్తం 90. పాసవడానికి 63 రావాలి, ఏ సంభాషణలోనూ 29కి తగ్గకూడదు. రెండింట్లోనూ అంచు మీద 29 తెచ్చుకుంటే 58 అవుతుంది, తప్పినట్టే. ఒకటి బాగా చేసి ఇంకొకటి వదిలేసినా తప్పినట్టే. వదిలేసిన విషయానికీ, మార్చి చెప్పిన విషయానికీ, లేనిది కలిపినందుకూ మార్కులు కోస్తారు. తడబాటుకూ, భాష తప్పులకూ కూడా కోత ఉంది. మళ్లీ వినిపించమని సంభాషణకు ఒక్కసారి ఊరికే అడగొచ్చు, రెండోసారి నుంచి అదీ లెక్కలోకి వస్తుంది.

ఒక ముక్కను తీసుకుని చూద్దాం. ఇది నేను కల్పించినది, కొలత మాత్రం పరీక్షదే. మెల్‌బోర్న్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన పుంగనూరు తల్లి క్లినిక్‌లో కూర్చుంది. డాక్టరు ఇంగ్లిషులో 32 మాటలు మాట్లాడింది. ఈ మాత్ర రోజుకు రెండుసార్లు, తిన్నాక వేసుకోవాలి. కళ్లు తిరిగినట్టుంటే తనంతట తాను ఆపేయకూడదు, ముందు తమకు ఫోన్ చేయాలి. వచ్చే మంగళవారం రక్తపరీక్షకు పరగడుపున రావాలి. ఇదీ సారం.

ఇంగ్లిషూ తెలుగూ గడగడా మాట్లాడే కుర్రాడు దీన్ని ఇలా చెప్పాడనుకుందాం: “అమ్మా, ఈ మాత్ర పొద్దునా సాయంత్రం వేసుకోవాలంట. కళ్లు తిరిగితే ఫోన్ చెయ్యమంటాండారు. మంగళవారం రక్తపరీక్ష ఉందంట. ఏం భయపడొద్దు.”

వినడానికి ఎంత బాగుంది! ఆ తల్లి మనసు కుదుటపడుతుంది కూడా. మార్కులు వేసే మనిషి మాత్రం ఒక్కొక్కటే చూస్తాడు. ‘తిన్నాక’ పోయింది. ‘ఆపేయకూడదు’ పోయింది, అన్నిటికంటే ప్రమాదం ఇదే. ‘ముందు’ పోయింది, కాబట్టి మాత్ర మానేశాక ఫోన్ చేసినా సరిపోతుందని ఆమె అనుకోవచ్చు. ‘వచ్చే’ పోయింది కాబట్టి ఏ మంగళవారమో తేలదు. ‘పరగడుపున’ పోయింది, ఆమె ఇడ్లీ తిని వస్తే ఆ రోజు పరీక్ష వృథా. డాక్టరు అనని ‘భయపడొద్దు’ వచ్చి చేరింది. చివరిగా ఆ ‘అంట’లు. దుబాసీ ఎవరి మాట చెబుతున్నాడో ఆ మనిషిగానే మాట్లాడాలి. డాక్టరు “మాకు ఫోన్ చెయ్యండి” అంటే దుబాసీ కూడా “మాకు ఫోన్ చెయ్యండి” అనే అంటాడు. అప్పుడే ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

పని తెలిసినవాడు ఇలా చెబుతాడు: “ఈ మాత్ర రోజుకు రెండుసార్లు, తిన్నాక వేసుకోండి. కళ్లు తిరిగినట్టుంటే మీ అంతట మీరే ఆపేయొద్దు, ముందు మాకు ఫోన్ చెయ్యండి. వచ్చే మంగళవారం రక్తపరీక్షకు పరగడుపున రండి.” ఇందులో చమత్కారం ఏమీ లేదు. అతని కాగితం చూస్తే అసలు పని కనబడుతుంది. వాక్యాలు ఉండవు. పై నుంచి కిందికి మూడు వరుసలు: మొదటి దాంట్లో ‘మా 2’, పక్కన ‘తి’. రెండో దాంట్లో ‘కళ్లు’, బాణం గుర్తు, కొట్టేసిన ‘ఆపు’, దాని పైన ‘1 ఫోన్’. మూడో దాంట్లో ‘మం+’, ‘రక్త’, ఒక సున్నా. ఆ సున్నా ఖాళీ కడుపు. మాటలను గుర్తుపెట్టుకోవడం అతని పద్ధతి కాదు. ఏది ముందు, ఏది వెనక, ఏది వద్దు అన్న క్రమాన్ని పట్టుకుంటాడు, మాటలు వాటంతట అవే వస్తాయి. ఐఇఎల్‌టిఎస్‌లో 8 బ్యాండు వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడేది ఈ క్రమం దగ్గరే.

ఎదురు దిశలో చిక్కు ఇంకో రకం. ఆ తల్లి “రెండు దినాలుగా కడుపులో మంటగా ఉండాది, నిన్న రేతిరి ఒకతూరి వాంతి అయింది” అంటుంది. చదువుకున్న దుబాసీకి దాన్ని కాస్త సవరించి, ‘గ్యాస్ట్రైటిస్’ అని డాక్టరు భాషలో అందించాలనిపిస్తుంది. అలా చేస్తే రోగ నిర్ణయం దుబాసీ చేసినట్టు. మంట మంటగానే డాక్టరుకు చేరాలి. ఆ మాటతీరు అతనికి అలవాటు లేకపోతే ఊహించి చెప్పకూడదు. “దుబాసీకి ఆ మాట అర్థం కాలేదు, అడుగుతాను” అని ఇద్దరికీ వినబడేలా చెప్పి అడగాలి.

ఇంత చేసినా సీసీఎల్ పాసైన మనిషి దుబాసీ కాడు. ఆ మాట నాటి సంస్థే స్పష్టంగా చెబుతుంది. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. సమాజంలో మాట సాయం చేయగల స్థాయి ఉందని మాత్రమే ఆ ఫలితం చెబుతుంది. దుబాసీ ధ్రువపత్రం వేరు. దాని పరీక్షకు కూర్చోవాలంటే ముందు శిక్షణ చూపించాలి, ఇంగ్లిషు స్థాయి చూపించాలి, వృత్తి నీతి మీదా, రెండు సంస్కృతుల మధ్య నడవడిక మీదా విడిగా నెగ్గాలి. అంటే భాషా పరీక్ష ఇక్కడ గడప మాత్రమే. ధ్రువపత్రం వచ్చాక 3 ఏళ్లకోసారి, ఈ మధ్య ఎంత పని చేశారో, ఏం నేర్చుకున్నారో చూపించి పునరుద్ధరించుకోవాలి.

వృత్తి నీతి ఏమిటో తెలియాలంటే అదే క్లినిక్ వరండాలోకి వెళ్దాం. డాక్టరు లోపల ఉన్నప్పుడు తల్లి దుబాసీ చెవిలో, “నాయనా, ఊర్నించి తెచ్చుకున్న నాటు మందు కూడా తాగతాండా, ఆమెకు చెప్పొద్దు” అంటుంది. ఇప్పుడు ఏం చేయాలి? చెబితే ఆమె నమ్మకం పోతుంది, చెప్పకపోతే రెండు మందులు కలిసి కీడు చేయొచ్చు. శిక్షణ పొందిన దుబాసీ అసలు ఆ చిక్కు దాకా రానివ్వడు. మొదట్లోనే ఇద్దరికీ “ఇక్కడ ఎవరు ఏమన్నా అవతలివారికి చెబుతాను” అని చెప్పేస్తాడు. వరండాలో రోగితో ఒంటరిగా కూర్చోడు. అయినా ఆమె చెప్పిందనుకోండి, డాక్టరుకు నేరుగా చెప్పుకోమని ఆమెనే అడుగుతాడు. ఎంత గొప్ప తెలుగు వచ్చినా ఇది దానంతట అదే రాదు. భాషా పరీక్షల్లో దీనికి ప్రశ్నే ఉండదు.

అమెరికాలో మన తెలుగు పరిస్థితి ఇంకో రకంగా ఉంది. ఆసుపత్రి దుబాసీలకు కోర్‌సీహెచ్ఐ అనే ధ్రువపత్రం ఉంది. 40 గంటల శిక్షణ పొందాకే పరీక్షకు అర్హత. ప్రశ్నలన్నీ ఇంగ్లిషులో, జవాబు ఎంచుకునే పద్ధతిలో ఉంటాయి. నీతి, వైద్య పదాలు, సందర్భంలో నడవడిక అడుగుతారు. అందులో ఒక్క తెలుగు మాట కూడా ఉండదు. ఆ సంస్థే స్పానిష్, అరబిక్, మాండరిన్‌లకు నోటితో చెప్పించే పరీక్ష కూడా పెట్టింది, తెలుగుకు లేదు. కాబట్టి తెలుగు ఎంత వచ్చో చూపడానికి విడిగా భాషా పరీక్ష ఫలితం పెట్టాలి. కాలిఫోర్నియా కోర్టుల్లో స్పానిష్ దుబాసీని ‘సర్టిఫైడ్’ అంటారు, తెలుగు దుబాసీని ‘రిజిస్టర్డ్’ అంటారు. మొదటివారు కోర్టు మాటను అటూ ఇటూ మార్చి చూపి నెగ్గినవారు. రెండోవారు రాతపరీక్షతో పాటు రెండు భాషలూ వేరువేరుగా వచ్చని నిరూపించినవారు. రెండు భాషల మధ్య వారు చేసే పనిని ఎవరూ కొలవలేదు. పని బాగా చేసేవారు వాళ్లలో తప్పక ఉంటారు, ఆ మాట ఆ కాగితం చెప్పదు, అంతే.

రాత అనువాదానికీ ఇలాంటి కొలతే ఉంది. అమెరికన్ అనువాదకుల సంఘం పరీక్షలో తప్పు బరువును బట్టి 1, 2, 4, 8, 16 పాయింట్లు పడతాయి. ఒక్కో భాగంలో 17 దాటకపోతే పాస్. ఒక్క 16 పాయింట్ల తప్పు దాదాపు మొత్తం మింగేస్తుంది. రచయిత తన రాతను తానే అనువదిస్తే సంగతి వేరు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉండగా టాగూరు ‘జనగణమన’ను తానే ఇంగ్లిషులోకి తెచ్చారు. సొంత పాట కనుక వదలడానికీ కలపడానికీ ఆయనకు హక్కుంది. ధ్రువపత్రం కోరే అనువాదకుడికి ఆ హక్కు లేదు.

మన దగ్గర కోర్టులో సాక్షి మాటను తర్జుమా చేసేవారు 1969 నాటి ప్రమాణాల చట్టం కింద ప్రమాణం చేయాలి, నిజంగా తర్జుమా చేయడం వారి బాధ్యత. ప్రమాణం మనిషిని కట్టిపడేస్తుంది, నేర్పును కొలవదు. పైన చెప్పిన నాటి సంస్థ, అమెరికా పరీక్షలన్నిటిలోనూ ఒక పక్క ఇంగ్లిషు ఉండి తీరాలి. కుప్పం పీఈఎస్ ఆసుపత్రికి సరిహద్దు దాటి వచ్చే తమిళ రోగికీ తెలుగు డాక్టరుకూ మధ్య నిలబడే నర్సు పనికి వాటిలో చోటు లేదు. 1997లో పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం అదే ఊళ్లో ఉంది. తమిళం–తెలుగు, కన్నడం–తెలుగు సంభాషణలు తయారుచేసి, 35 మాటల ముక్కలుగా కోసి, వదిలినదానికీ కలిపినదానికీ మార్కులు కోసే పరీక్ష ఒకటి పెట్టాలంటే ఇంతకంటే తగిన ఊరు నాకు తోచదు. మొదటి సంభాషణ మందు చీటీతోనే మొదలుపెట్టొచ్చు: రోజుకు ఎన్నిసార్లు, తినక ముందా తిన్నాకా, ఎప్పుడు ఆపకూడదు.