ట్యూబు మీద టైము

మా ప్రొఫెసర్‌గారు గుండెపోటు రిపోర్టు చదవడం ఒక్కసారి చూసినవాళ్లకి తర్వాత ఇంకెవరు చదివినా చప్పగానే ఉంటుంది. ఆయన పనిచేసిన పెద్దాసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. వార్డు నుంచి వచ్చిన ట్యూబు మీద పేరుండి, రక్తం తీసిన టైము లేకపోతే ఆ ట్యూబు వచ్చిన దారినే వెనక్కి వెళ్లాల్సిందే. ఇది ఆయన పెట్టిన రూలు. "అంకె ఎంతో తర్వాత చెబుదువుగాని, అది ఎన్ని గంటలప్పటిదో ముందు చెప్పరా" అనేవారు. చొక్కా జేబులో మడిచిన గ్రాఫు కాగితం, ముల్లు లాంటి పెన్సిలూ ఎప్పుడూ ఉండేవి. రెండు చుక్కలు పెట్టి గీత కలిపాక గానీ నోరు విప్పేవారు కాదు.

ఆ విద్యకి మూలం రెండు పదార్థాలు. గుండె కండరం చచ్చిపోతే దాని లోపలి సరుకు రక్తంలోకి కారుతుంది. అందులో ఒకటి క్రియాటిన్ కైనేజ్, ముఖ్యంగా గుండెలో ఎక్కువగా ఉండే సీకే-ఎంబీ రకం. ఈ ఎంజైము పనిచేసేది ఫాస్ఫోక్రియాటిన్ మీద. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో ఫిస్కేతో కలిసి లోకానికి చెప్పింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఈ మాట వచ్చినప్పుడల్లా నా గొంతు కాస్త పెరుగుతుంది, మన్నించాలి. రెండోది ట్రోపోనిన్. జపాన్‌లో ఎబాషి 1960లలో దాన్ని కనిపెడితే, జర్మనీలో కాటుస్ బృందం 1989లో రక్తంలో దాన్ని కొలిచే పరీక్ష చూపించింది. చరిత్రకి ఇది చాలు. అసలు అందం ఈ రెండింటి నడకలో ఉంది.

ఇల్లు కూలితే గాదెలో ధాన్యం ఆ పూటే ఒలికిపోతుంది. దూలాలూ వాసాలూ మాత్రం రోజుల తరబడి ఒక్కొక్కటే ఊడిపడతాయి. సీకే-ఎంబీ ధాన్యం లాంటిది. కణంలోని ద్రవంలో తేలుతూ ఉంటుంది కాబట్టి నొప్పి మొదలైన నాలుగు నుంచి ఆరు గంటల్లో రక్తంలో పెరగడం మొదలుపెట్టి, ఒక రోజుకి శిఖరం చేరి, రెండు మూడు రోజుల్లో మామూలుకి దిగిపోతుంది. ట్రోపోనిన్ దూలం. అందులో కొద్ది భాగమే విడిగా ఉంటుంది, మిగతాదంతా కండరం పోగులకి కట్టేసి ఉంటుంది. అది కూడా మూడు నుంచి ఆరు గంటల్లోనే లేస్తుంది గానీ దిగడానికి తొందరపడదు. ట్రోపోనిన్-ఐ వారం పది రోజులు, ట్రోపోనిన్-టి రెండు వారాల దాకా కూడా ఎక్కువగానే కనిపిస్తాయి. ఒకటి ఇవాళ్టి మాట చెబుతుంది, ఇంకొకటి గడిచిన వారం మాట గుర్తుంచుకుంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడమే మా సారు చేసిన పని.

ఒక గురువారం ఉదయం తొమ్మిదింటికి యాభై ఎనిమిదేళ్ల రైతుని తీసుకొచ్చారు. ఆరింటికి ఛాతీలో నొప్పి మొదలైందన్నారు. ఈసీజీలో పాత దెబ్బకి గుర్తయిన క్యూ వేవ్‌లు అప్పటికే ఉన్నాయి, ఎస్టీ భాగం కొత్తగా లేచిన జాడ లేదు. ట్రోపోనిన్-ఐ 18 వచ్చింది, మా కిట్టుకి హద్దు 0.04. సీకే-ఎంబీ మాత్రం 6, దానికి హద్దు 5. డ్యూటీ డాక్టరు "పొద్దున వచ్చిన ఎటాక్" అని రాసేశారు. సారు కాగితం తీశారు. మూడు గంటల్లో ట్రోపోనిన్ హద్దుకి నాలుగు వందల రెట్లు దాటడమేమిటి, సీకే-ఎంబీ గుమ్మం దగ్గరే నిలబడటమేమిటి? ఇది లేస్తున్న సీకే-ఎంబీ కాకుండా, ఎక్కి దిగి దాదాపు ఇల్లు చేరిన సీకే-ఎంబీ అయి ఉండాలి. రైతు భార్య వైపు తిరిగి, "అమ్మా, సోమవారం ఏమైంది?" అని అడిగారు.

ఆవిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. సోమవారం రాత్రి పెళ్లి భోజనాల దగ్గర ఆయనకి ఒళ్లంతా చెమటలు పట్టి వాంతి అయిందట. గ్యాసనుకుని సోడా తాగించారట. అసలు గుండెపోటు అదీ.

మరి ఈ పొద్దుటి నొప్పి ఏమిటి? పాతదాని సలుపా, కొత్త దెబ్బా? ట్రోపోనిన్ ఎక్కువగా ఉందన్నంత మాత్రాన ఏమీ తేలదు, సోమవారం బాకీయే ఇంకా తీరలేదు కదా. మధ్యాహ్నం మూడింటికి, అంటే ఆరు గంటల తర్వాత, మళ్లీ రక్తం తీయించారు. సీకే-ఎంబీ 6 నుంచి 29కి లేచింది. ట్రోపోనిన్ దిగాల్సిన రోజున 18 నుంచి 24 అయింది, అంటే మూడో వంతు పెరుగుదల. దిగిన మెట్లు మళ్లీ ఎక్కుతోందంటే కొత్త కండరం చస్తోందని అర్థం. అదే సాయంత్రం యాంజియోగ్రామ్‌కి పంపారు. ఇది చూశాక ఆ గ్రాఫు కాగితానికి నేను దణ్ణం పెట్టానంటే నవ్వకండి.

"ఇప్పుడు సీకే-ఎంబీ ఎందుకండీ?" అని కుర్ర డాక్టర్లు నన్ను అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి ట్రోపోనిన్ ఎక్కువగా ఉన్నా, మూడు నుంచి ఆరు గంటల తర్వాత తీసిన రెండోది 20 శాతం మించి పెరిగితే కొత్త దెబ్బగా తీసుకోవచ్చని అంతర్జాతీయ నిర్వచనమే చెబుతోంది. పోటు నిర్ధారణకి సీకే-ఎంబీ మానేయమని అమెరికా పాథాలజిస్టులు కూడా చెప్పారు. తుంటికి ఇంజక్షన్ పొడిచినా మొత్తం సీకే పెరుగుతుంది, ఒంటి కండరం దెబ్బతింటే కొంత సీకే-ఎంబీ కూడా వస్తుంది. అన్నీ ఒప్పుకుంటాను. అయినా నా పక్షపాతం నాది. పాత బాకీ లేని శుభ్రమైన పలక మీద రాసినట్టు సీకే-ఎంబీ చెప్పే మాట నాకు ఇప్పటికీ ముచ్చటే.

అయితే ఆ 20 శాతం లెక్కకీ షరతులున్నాయి. రెండు శాంపిళ్లూ ఒకే కిట్టు మీద చేయాలి. ఒక కంపెనీ ట్రోపోనిన్-ఐ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు. కొత్త హై-సెన్సిటివిటీ పరీక్షలు నానోగ్రాముల్ని మిల్లీలీటరుకి కాక లీటరుకి చెబుతాయి, 0.04 అక్కడ 40 అవుతుంది. పొద్దున ఒక నర్సింగ్ హోములో, సాయంత్రం ఇంకో చోట చేయించి "పెరిగింది" అనేవాళ్లని ఏమనాలి? మూసుకున్న రక్తనాళం స్టెంటుతో తెరుచుకున్నాక చచ్చిన కండరంలోని సరుకు ఒక్కసారిగా కొట్టుకొచ్చి, అంకెలు ముందే శిఖరానికి లేస్తాయి. దాన్ని రెండో పోటు అనుకోకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లలో చాలామందికి ట్రోపోనిన్ ఎప్పుడూ కాస్త ఎక్కువే. అది రోజులు గడిచినా కదలకుండా ఉంటే పాత బరువు, గంటల్లో కదిలితే కొత్త పోటు.

ఇక నాకు కోపం తెప్పించేది ట్రోపోనిన్ ప్లాస్టిక్ కార్డుని వాడే తీరు. నాలుగు చుక్కల రక్తం, పావుగంట, రెండో గీత వస్తే ఉంది, రాకపోతే లేదు! మా మేనమామకి రాత్రి తొమ్మిదింటికి నొప్పి వచ్చింది. పదింటికి ఒక చిన్న ఆసుపత్రిలో కార్డు పెట్టారు. రెండో గీత రాలేదు. గంటలో ఎక్కడొస్తుంది? గ్యాస్ మాత్ర ఇచ్చి ఇంటికి పంపారు. తెల్లారి ఏడింటికి అదే చేతి నుంచి తీసిన రక్తంలో గీత దట్టంగా వచ్చింది. మామయ్య బతికాడు గానీ, ఇప్పుడు మెట్లెక్కలేడు. తప్పు కార్డుది అననుగాక అనను. ఈసీజీ మళ్లీ తీసి, మూడు గంటలాగి రక్తం మళ్లీ తీయమని చెప్పే మనిషి అక్కడ లేకపోయాడు. ఈసీజీలో ఎస్టీ లేచి కనిపిస్తే రక్తం కోసం అసలు ఆగకూడదన్నది వేరే సంగతి.

ఆసుపత్రుల వాళ్లని నేను అడిగేది పెద్ద మిషన్లు కాదు. రిపోర్టులో రెండు గళ్లు చాలు, నొప్పి మొదలైన టైముకి ఒకటి, రక్తం తీసిన టైముకి ఒకటి. మా వీధిలో ఎవరైనా రిపోర్టు పట్టుకొస్తే నేను ముందు ఆ గళ్లకోసమే వెతుకుతాను. చాలాసార్లు ఖాళీగా ఉంటాయి, లేదా అసలు ఉండవు. అప్పుడు జేబులోంచి పెన్ను తీసి, "నొప్పి ఎన్నింటికి మొదలైందో చెప్పండి" అని అడిగి కాగితం వెనక రాసిస్తాను.