బాప్తిస్మానికి ముందు నాలుగు వారాలు

పెద్ద వయసులో క్రీస్తును నమ్మినవారికి బాప్తిస్మానికి ముందు వారానికొకటి చొప్పున నాలుగు పాఠాలు చెప్పే పద్ధతికి బలం ఇంటికిచ్చి పంపే చిన్న వాక్యభాగంలో ఉందని నా అభిప్రాయం. ముంచి బాప్తిస్మమిచ్చే సంఘంలో దాన్ని ఇలా అమర్చుకోవచ్చు. మొదటి వారం యేసు ఎవరో చెప్పి, లూకా 15లోని తప్పిపోయిన కుమారుడి కథ ఇచ్చి పంపుతారు. రెండో వారం మారుమనస్సు గురించి మాట్లాడి రోమా 6లో మొదటి పదకొండు వచనాలిస్తారు. మూడో వారం బాప్తిస్మం అర్థం, నాలుగో వారం సంఘ సహవాసం, ప్రభువు బల్ల. ఏ భాగమైనా పావుగంటలో చదివేయొచ్చు. కానీ తర్వాతి వారం కూర్చోగానే పాస్టర్‌గారు మాట్లాడకూడదు. చదివినవారే తమ మాటల్లో చెప్పాలి.

ఎందుకో మూడో వారంలో తెలుస్తుంది. “బాప్తిస్మం అంటే ఏమిటి?” అని అడిగితే “పాపాలు కడుక్కోవడం” అని చాలామంది వెంటనే అంటారు. నదీస్నానం పుణ్యమని వింటూ పెరిగినవారికి ఆ మాట సహజంగా వస్తుంది. అప్పుడు తప్పని చెప్పేయకుండా, “కడగడానికే అయితే మనిషిని వెనక్కి వాల్చి పూర్తిగా ముంచడం దేనికి?” అని అడగాలి. ఇంట్లో రోమా 6 చదివి వచ్చినవారు కాసేపు ఆగి, సమాధి మాట పౌలు ఎత్తాడని గుర్తు చేసుకుంటారు. నీళ్లలోకి వెళ్లేది క్రీస్తుతో పాతిపెట్టబడటానికి, పైకి లేచేది కొత్త బ్రతుకుకి అని వాళ్ల నోటే వస్తుంది. చదవనివారు పాస్టర్‌గారి ముఖం చూస్తారు, లేదా గత వారం విన్న వాక్యాన్నే అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. ఆ అప్పజెప్పడాన్ని అర్థమైనట్టు లెక్కవేస్తేనే ఈ పద్ధతి చెడిపోతుంది. అలాంటప్పుడు ఇంకో వారం ఆగడం మేలు.

ఫిలిప్పు ఐతియొపీయుడికి దారిలోనే బాప్తిస్మమిచ్చాడు కదా, ఈ ఆలస్యం దేనికని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ మనిషి రథంలో కూర్చుని అప్పటికే యెషయా గ్రంథం చదువుతున్నాడు. ఫిలిప్పు మొదట అడిగింది కూడా చదివేది అర్థమవుతోందా అనే. ఒంగోలు చరిత్రనూ ముందుకు తెస్తారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. కానీ అంతకుముందు కరువు రోజుల్లో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఇప్పిస్తూ, కూలి కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. పనివాళ్లు విశ్రాంతికి కూర్చున్నప్పుడు తెలుగు బోధకులు వాళ్లకు సువార్త చెప్పారు. నదిలో గడిచింది ఒక్కరోజే, ఎదురుచూపు మాత్రం నెలల తరబడి సాగింది.

చదువు రానివారి సంగతేమిటనేదే నాకు బరువైన అభ్యంతరం. వాళ్లకు కాగితం ఇచ్చి పంపితే అవమానమే మిగులుతుంది. ఆ భాగాన్ని ఇంట్లో పిల్లలచేత రెండుసార్లు చదివించుకుని వినమనాలి. చదివి వినిపించడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే, లేదా ఇంటివాళ్లకు ఈ నిర్ణయం ఇష్టం లేకపోతే, సంఘంలో ఒకరు వారం మధ్యలో వెళ్లి చదివి వినిపించాలి. ఆ మనిషిని మొదటి పాఠం రోజునే నియమించాలి.