రాడ్డు సరే, నట్టు మాటేమిటి?

ఒక ఉక్కు బీము కోసం మామూలుగా మూడు బొమ్మలు గీస్తారు. మొదటిది డిజైన్ చేసిన ఇంజినీరుది. బీము ఎక్కడ ఉండాలో, ఎంత బరువు మోయాలో అది చెబుతుంది. రెండోది ఆ బీమును తయారుచేసే ఫ్యాబ్రికేటరుది. ఏ ప్లేటు ఎంత పొడవున కోయాలి, రంధ్రం ఎక్కడ పడాలి, వెల్డింగ్ ఎంత ఉండాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. షాపులో పనిచేసే మనిషి చేతికి వెళ్ళేది అదే కాబట్టి దాన్ని షాప్ డ్రాయింగ్ అంటారు. మూడోది పని పూర్తయ్యాక, కట్టింది కట్టినట్టు చూపించే యాజ్-బిల్ట్ డ్రాయింగ్. రెండోదీ మూడోదీ చూడటానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. అవే గీతలు, అవే కొలతలు, ఒక్కోసారి అదే షీటు నంబరు. అందుకే చాలా ప్రాజెక్టుల్లో ఆమోదం పొందిన షాప్ డ్రాయింగు మీద టైటిల్ మార్చి, యాజ్-బిల్ట్ అని రాసి, ఫైలు మూసేస్తారు. నా దృష్టిలో ఇది చిన్న అలసత్వం కాదు. షాప్ డ్రాయింగు ‘ఇలా చేయబోతున్నాం, సరేనా?’ అని అడుగుతుంది. యాజ్-బిల్ట్ ‘ఇలా చేశాం’ అని చెబుతుంది. ఒకటి ప్రశ్న, ఇంకొకటి సాక్ష్యం. ప్రశ్న మీద రాసే కామెంటు వస్తువును మార్చగలగాలి. సాక్ష్యం మీద రాసే కామెంటు దాని నిజాన్ని పరీక్షించాలి, అంతే. ఈ తేడా తెలియకుండా రివ్యూ చేస్తే, ప్రశ్న వేసిన రోజున జవాబు చెప్పం, సాక్ష్యం చెప్పాల్సిన రోజున దాన్ని దిద్దుతాం.

దీనికి అమెరికాలోని కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్ కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆ హోటల్ లాబీ మీదుగా, పైకప్పు నుంచి ఉక్కు రాడ్లతో వేలాడదీసిన నడక వంతెనలు మూడు ఉండేవి. నాలుగో అంతస్తు వంతెనకు సరిగ్గా కింద రెండో అంతస్తు వంతెన. మూడో అంతస్తుది కాస్త పక్కకు జరిగి, తన రాడ్లతో తానుగా వేలాడేది. 1981 జులై 17 సాయంత్రం లాబీలో నృత్య కార్యక్రమం జరుగుతుండగా నాలుగో అంతస్తు వంతెన తెగి రెండో అంతస్తు వంతెన మీద పడింది, రెండూ కలిసి జనం మీద పడ్డాయి. 114 మంది చనిపోయారు. రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. మూడో అంతస్తు వంతెన నిలిచే ఉంది.

ఇంజినీరు డ్రాయింగులో పైకప్పు నుంచి రెండో అంతస్తు దాకా ఒకే రాడ్డు దిగుతుంది. దారిలో నాలుగో అంతస్తు బాక్సు బీమును గుచ్చుకుంటూ పోతుంది, ఆ బీము కింద నట్టు ఉంటుంది. ఇంకా కిందికి వెళ్ళి రెండో అంతస్తు బీమును ఇంకో నట్టుతో పట్టుకుంటుంది. అలా కట్టాలంటే నాలుగో అంతస్తు నట్టు ఎక్కాల్సిన చోటు దాకా కిందినుంచి రాడ్డంతా థ్రెడింగ్ చేయాలి, బిగించేదాకా ఆ మరలు దెబ్బ తినకుండా కాపాడాలి. ఫ్యాబ్రికేటరుకు అది కష్టమనిపించింది. ఒక రాడ్డు బదులు రెండు చూపించారు. పై రాడ్డు నాలుగో అంతస్తు బీము దగ్గర ఆగిపోతుంది. కింది రాడ్డు అదే బీము నుంచి, కొన్ని అంగుళాల పక్కన, మళ్ళీ మొదలవుతుంది. ఈ మార్పు ఉన్న షీటుతో కలిపి 42 షాప్ డ్రాయింగులు 1979 ఫిబ్రవరి 16న ఇంజినీరు ఆఫీసుకు చేరాయి. ఫిబ్రవరి 26న రివ్యూ స్టాంపుతో తిరిగి వెళ్ళాయి. మధ్యలో పది రోజులు.

ఆ పది రోజుల్లో ఆ షీటు మీద ఏం చూడాలో ఉట్టితో చెబుతాను. దూలానికి ఒక పొడవాటి తాడు కట్టి, దానికి పైన ఒక కుండ, కింద ఒక కుండ, దేని ముడి దానికి వేశామనుకోండి. దూలం దగ్గర తాడు రెండు కుండల బరువు మోస్తుంది. పై కుండ కింద ఉన్న ముడి మాత్రం పై కుండ ఒక్కదాన్నే మోస్తుంది. ఇప్పుడు తాడును పై కుండ దగ్గర కోసేసి, కింది కుండ తాడును పై కుండ అంచుకే కట్టండి. దూలం దగ్గర తాడు మీద బరువు మారలేదు, మునుపటి రెండు కుండలే. కానీ పై కుండ కింది ముడి మీద బరువు రెండింతలైంది. హయత్‌లో జరిగింది అచ్చంగా ఇదే. రాడ్డు తట్టుకుంటుందా అని లెక్క వేసినవారికి ‘తట్టుకుంటుంది’ అనే జవాబు వస్తుంది, అది నిజం కూడా. ప్రమాదం రాడ్డులో లేదు, నాలుగో అంతస్తు బీము కిందున్న నట్టు దగ్గర ఉంది. ఆ బీము రెండు చానళ్ళను ఎదురెదురుగా పెట్టి అంచుల్లో వెల్డింగ్ చేసి తయారుచేసిన పెట్టె. రంధ్రం ఆ వెల్డింగ్ గీత మీదే పడింది. చివరికి నట్టు ఆ పలచటి అంచులను విప్పుకుంటూ పైకి దూసుకుపోయింది.

ఇలాంటి షీటు మీద పనికొచ్చే కామెంటు ఎలా ఉండాలి? ‘పరిశీలించండి’ అని రాస్తే ఎవరు దేన్ని పరిశీలించాలో తెలియదు. ‘డిజైన్ ప్రకారం ఉండేలా చూడండి’ అంటే ఫ్యాబ్రికేటరు తలూపి ముందుకు పోతాడు. నేనైతే ఇలా రాయాలంటాను: ‘నాలుగో అంతస్తు బాక్సు బీము దగ్గర కాంట్రాక్టు డ్రాయింగు ఒకే రాడ్డు చూపుతోంది, మీరు రెండు చూపారు. దీనివల్ల పై రాడ్డు నట్టు మీదికి రెండు వంతెనల బరువూ వస్తుంది. ఈ కనెక్షన్ లెక్కలు ఇంజినీరు సంతకంతో పంపండి. జవాబు వచ్చేదాకా ఈ భాగం తయారీ ఆపండి.’ ఇందులో ఎక్కడ, ఏమి మారింది, దానివల్ల ఏమవుతుంది, ఎవరు ఏమి చేయాలి, ఈలోగా పని సాగాలా ఆగాలా అన్నవి ఉన్నాయి. చివరిది తరచూ మరిచిపోతారు. ‘కామెంట్లతో ఆమోదం’ అన్న స్టాంపు వేస్తే ఫ్యాబ్రికేటరు మర్నాడే ఉక్కు కోయవచ్చు. ‘సరిచేసి మళ్ళీ పంపండి’ అంటే కోయకూడదు. కామెంటు ఎంత మంచిదైనా స్టాంపు తప్పుగా వేస్తే అది పనిచేయదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ప్రమాదం తర్వాత దర్యాప్తు చేసిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్, ఒకే రాడ్డుతో కట్టినా ఆ కనెక్షన్‌కు కాన్సాస్ సిటీ నిబంధనలు కోరే బలంలో సుమారు 60 శాతమే ఉండేదని తేల్చింది. అంటే తప్పు డిజైన్‌లోనే ఉంది కదా, షాప్ డ్రాయింగును ఎందుకు తిట్టాలి? నిజమే, తప్పు ముందే ఉంది. కానీ దాన్ని పట్టుకునే చోటు షాప్ డ్రాయింగే. ఆ కనెక్షన్‌ను ఫ్యాబ్రికేటరు లెక్క వేస్తాడని ఇంజినీరు పక్షం అనుకుంది, ఇంజినీరు ఇప్పటికే లెక్క వేశాడని రెండో పక్షం అనుకుంది. మధ్యలో లెక్క ఎవరూ వేయలేదు. పైన రాసిన కామెంటు ఒక్కటి పడి ఉంటే ఎవరో ఒకరు కాగితం ముందు కూర్చుని లెక్క వేసేవారు. అప్పుడు రెండు రాడ్ల లోపమే కాక, ఒక రాడ్డు డిజైన్ లోపం కూడా బయటపడేది. మంచి కామెంటుకు తాను వెతకని తప్పును కూడా పట్టుకునే గుణం ఉంటుంది.

పది రోజుల్లో 42 షీట్లు, ప్రతి గీతా ఎలా చూడగలరని ఇంకొందరు అడుగుతారు. చూడలేరు, చూడక్కర్లేదు. కోత పొడవులు, రంధ్రాల దూరాలు, ఎన్ని బోల్టులు తెప్పించాలన్నది ఫ్యాబ్రికేటరు బాధ్యత. స్టాంపు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉండేది కూడా అదే: డిజైన్ ఉద్దేశానికి మాత్రమే పరిశీలించాం, కొలతలు కాంట్రాక్టరువి. ఆ వాక్యం న్యాయమైనదే. అయితే బరువు ఏ దారిన నేలకు దిగుతుందన్నది కొలత కాదు, డిజైన్ ఉద్దేశమే. అందుకని రివ్యూ చేసేవారు తమ సమయాన్ని సమంగా పంచకూడదు. మొదట కాంట్రాక్టు డ్రాయింగును పక్కన పెట్టుకుని, బరువు చేతులు మారే ప్రతి చోటా రెండింటికీ తేడా ఉందా అని మాత్రమే చూడాలి. తేడా ఉన్న చోటే కూర్చోవాలి. ఇంజినీరుకు ఈ బాధ్యత తప్పదని, ఆ హోటల్ ఉన్న మిస్సోరీ రాష్ట్రంలో తేలింది కూడా. 1985లో అక్కడి న్యాయాధికారి ఆ డిజైన్ ఇంజినీర్లది తీవ్ర నిర్లక్ష్యమని తేల్చారు, ఆ తర్వాత వాళ్ళ లైసెన్సులు రద్దయ్యాయి. అమెరికా భవనాల ఉక్కుకు షాప్ డ్రాయింగులు ఇవాళ హైదరాబాద్ ఆఫీసుల్లో కూడా గీస్తున్నారు కనుక, ఈ తీర్పు మన డిటైలర్లకు కూడా దూరపు కథ కాదు. గీసేటప్పుడు ఏదైనా మారిస్తే, ఆ చోటు చుట్టూ మేఘం గీసి, ‘కాంట్రాక్టు డ్రాయింగుకు ఇది మార్పు’ అని రాయడం వాళ్ళ చేతిలో ఉంది.

యాజ్-బిల్ట్ దగ్గరికి వచ్చేసరికి రివ్యూ చేసేవారి పని తలకిందులవుతుంది. షాప్ డ్రాయింగు మీద ‘ఇది డిజైన్‌కు సరిపోలేదు, మార్చండి’ అనడం సరైన కామెంటు. అదే వాక్యం యాజ్-బిల్ట్ మీద రాస్తే అబద్ధం రాయమని చెప్పినట్టే. సైటులో రెండు రాడ్లు ఉంటే డ్రాయింగు రెండు రాడ్లే చూపాలి, అవి తప్పైనా సరే. తప్పును సరిదిద్దే దారి వేరు. దానికి నాన్-కన్ఫార్మెన్స్ రిపోర్టు ఉంది, లెక్కలు ఉన్నాయి, అవసరమైతే బలపరచే పని ఉంది. ఆ పని అయ్యాక యాజ్-బిల్ట్ మళ్ళీ మారుతుంది, అంతకుముందు కాదు. ఇక్కడ అడగాల్సినవి: ఈ కొలత టేపుతో తీసిందా, షాప్ డ్రాయింగు నుంచి ఎత్తి రాసిందా? ఎవరు, ఏ తేదీన తీశారు? పైన ప్లాస్టరో కాంక్రీటో కప్పకముందు తీశారా, తర్వాత ఊహించారా? సైటులో ఎర్ర ఇంకుతో దిద్దిన ప్రింటు ఎక్కడ? ఆ ఎర్ర గీతలు ఒక్కటీ లేని యాజ్-బిల్ట్ సెట్టు వస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. అంత పెద్ద పనిలో ఒక్క అంగుళమూ జరగలేదంటే, ఎవరూ కొలవలేదని అర్థం.

ఇప్పుడు అన్నీ త్రీడీ మోడళ్ళలోనే ఉన్నాయి కదా, అదే మోడల్ షాప్ డ్రాయింగూ యాజ్-బిల్టూ అయితే తప్పేమిటన్నది చివరి అభ్యంతరం. తప్పేమీ లేదు, ఎవరైనా సైటుకు వెళ్ళి కొలిచి ఆ మోడల్‌ను మార్చి ఉంటే. మార్చకపోతే అది పేరు మార్చుకున్న షాప్ డ్రాయింగే. మోడల్‌కు ఏ బోల్టు ఎక్కడ ఉండాలో తెలుసు, ఎక్కడ ఉందో తెలియదు.

హయత్‌లో రెండు రాడ్ల కనెక్షన్ హోటల్ తెరిచిన 1980 జులై నుంచి సుమారు ఏడాది పాటు జనం తలల మీద వేలాడింది. తన సొంత బరువును మించి పెద్దగా ఏమీ మోయలేని స్థితిలో వేలాడింది. ఆ ఏడాదిలో ఎవరైనా కాంట్రాక్టు డ్రాయింగు మాత్రమే తెరిచి చూసి ఉంటే వాళ్ళకు ఒకే రాడ్డు కనిపించేది. ఉన్నది ఉన్నట్టు గీసిన యాజ్-బిల్ట్ తెరిచి చూసి ఉంటే రెండు రాడ్లు కనిపించేవి, ఎందుకని అడిగే వీలు ఇంకోసారి దొరికేది. అప్పటికి ఆ ప్రశ్నకు జవాబు ఖరీదైనది. వంతెన కింద ఆసరా పెట్టి, లాబీ మూసి, బీములు బలపరచాలి. 1979 ఫిబ్రవరిలో అయితే ఒక షీటు మీద నాలుగు వాక్యాలు సరిపోయేవి.