వాయుతత్వం లేని జాతకం: వాన్ గో

పాశ్చాత్య జ్యోతిషంలో జాతకం చూడటం తత్వాల లెక్కతో మొదలవుతుంది. పన్నెండు రాశులను అగ్ని, భూ, వాయు, జల తత్వాలుగా నాలుగింటికి పంచుతారు. అవే రాశులు చర, స్థిర, ద్విస్వభావాలుగా మూడు వర్గాలు కూడా అవుతాయి. మేషం అగ్ని, చరం. వృషభం భూమి, స్థిరం. మిథునం వాయువు, ద్విస్వభావం. మన పంచాంగకర్తలకూ ఈ విభజన కొత్త కాదు. అయితే పాశ్చాత్యులది సాయన లెక్క. నిరయన చక్రం ముందు పెట్టుకుని వాళ్ల సూత్రాలు అన్వయిస్తే మొదటి అడుగే తప్పుతుంది.

ఒక పద్ధతిలో రవికి, చంద్రుడికి, లగ్నానికి రెండేసి మార్కులు. బుధుడి నుంచి శని వరకు ఒక్కొక్కటి. యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో ఒక్కో రాశిలో ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి వాటిని ఈ లెక్కలో కలపకూడదు. ఒక తరానికంతటికీ ఉన్నది ఒక మనిషి స్వభావాన్ని ఏం చెబుతుంది?

చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1853 మార్చి 30న, ఉదయం 11 గంటలకు నెదర్లాండ్స్‌లోని జుండర్ట్‌లో పుట్టాడు. లగ్నం కర్కాటకం. రవి, బుధుడు మేషంలో, చంద్రుడు, గురుడు ధనుస్సులో, శుక్రుడు, కుజుడు మీనంలో, శని వృషభంలో. మార్కులు వేస్తే అగ్ని 6, జలం 4, భూమి 1, వాయువు సున్నా. చరం 5, ద్విస్వభావం 5, స్థిరం 1. చిత్రాల దుకాణంలో గుమాస్తా, బడిపంతులు, పుస్తకాల కొట్టు ఉద్యోగి, గనికార్మికుల మధ్య మతబోధకుడు... ఇన్ని వృత్తులు మారాకే అతను కుంచె పట్టాడు. స్థిరానికి ఒక్క మార్కే ఉన్న జాతకమంటే ఇలాగే ఉంటుందని జ్యోతిషులు చూపిస్తారు.

వాయువు ఆలోచనకు, మాటకు, నలుగురితో మెలగడానికి, ఒక అడుగు వెనక్కి వేసి చూడటానికి సంకేతం. అది లేనివాడు మాట్లాడలేడని పైపై చదువు చెబుతుంది. కానీ వాన్ గో రాసినవాటిలో ఎనిమిది వందలకు పైగా ఉత్తరాలు మిగిలాయి. ఎక్కువ భాగం తమ్ముడు తెయోకే. అందుకే ఘనులైన జ్యోతిషులు లోపించిన తత్వాన్ని శూన్యంగా చదవరు. సహజంగా అబ్బనిదాన్ని మనిషి పట్టుబట్టి, అవసరానికి మించి సాధన చేస్తాడంటారు. లేనిది ఉత్తరాలు కాదు, దూరం పాటించే నేర్పు. 1888లో ఆర్ల్‌లో గోగాన్‌తో కలిసి ఉండటం రెండు నెలలకే గొడవతో ముగిసింది. ఎదుటివాడి అభిప్రాయాన్ని అభిప్రాయంగా వదిలేయడం వాయువు పని.

ఇంత సున్నితమైన తూకానికి స్టీఫెన్ అరోయో 1975లో ఒక పుస్తకమే కేటాయించాడు. అంతకు మూడు శతాబ్దాల ముందే, 1647లో, విలియం లిల్లీ లగ్నం, లగ్నాధిపతి, చంద్రుడు, రవి ఉన్న రుతువు అన్నీ కలిపి ప్రకృతిని తేల్చిన తీరు ఇప్పటికీ అబ్బురమే. ఇప్పుడేమో ఫోన్ యాప్ పది గ్రహాలనూ సమానంగా లెక్కపెట్టి, "మీకు వాయుతత్వం లేదు" అని ఎర్ర గీత గీస్తుంది. కిందనే రాయి కొనమని ప్రకటన. లగ్నాన్ని వదిలేసిన లెక్క లెక్కే కాదు. పైగా పుట్టిన సమయం తెలియకుండా లగ్నం రాదు. అలాంటి జాతకంలో తత్వం లోపించిందని తేల్చడానికి వీల్లేదు.