పులిహోరకు తూకం

ఐర్లండ్‌లో పెరిగిన మన పిల్లలు చదువుకని కార్క్‌కో గాల్వేకో వెళ్ళి సొంతంగా వండుకోవడం మొదలుపెట్టాక, ఇంటికి ఫోన్ చేసి అడిగే వంటల్లో పులిహోర ఒకటి. అమ్మ చెప్పే జవాబు ఏ ఇంట్లోనైనా దాదాపు ఒకటే: "నిమ్మకాయంత చింతపండు నానబెట్టు నాన్నా, ఉప్పు రుచి చూసి వేసుకో." ఏళ్ళ తరబడి వండిన చేతికి ఆ మాట చాలు. కానీ ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో దొరికే పసుపుపచ్చ నిమ్మకాయ మన నిమ్మకాయకు రెండింతలకు పైనే ఉంటుంది. దాన్ని చూసి చింతపండు తీసుకున్న పిల్లవాడి పులిహోర నోట్లో పెట్టుకోలేం.

మా ఇంటి వంటలన్నిటినీ ఒక పుస్తకంగా రాస్తున్నాను. పులిహోరతోనే మొదలుపెట్టాను. కొలతకు, మాటకు, పేజీకి వచ్చే చిక్కులన్నీ అందులోనే ఉన్నాయి.

ముందు చింతపండు సంగతి. మన ఇండియన్ షాపుల్లో పీచు, గింజ ఉన్న ఎండు చింతపండూ దొరుకుతుంది, థాయ్‌లాండ్ నుంచి వచ్చే మెత్తటి గింజలేని దిమ్మా దొరుకుతుంది, నల్లటి గుజ్జు సీసా కూడా దొరుకుతుంది. మూడింటి పులుపూ వేరు. కాబట్టి "40 గ్రాములు" అని రాసినా సరిపోదు. "గింజ తీసిన ఎండు చింతపండు 40 గ్రాములు" అని రకం చెప్పి తూకం వేయాలి. సీసాలో గుజ్జుకైతే ఈ లెక్క పనికిరాదని పక్కనే రాయాలి. అప్పటికీ ఒక్కో చింతపండు ఒక్కో తీరు. అందుకే ఉడికిన పులుసులో ముప్పాతిక వంతే అన్నంలో కలిపి, రుచి చూసి, మిగతాది వేయమని రాశాను. తూకం దారి చూపిస్తుంది గానీ ఆఖరి మాట నాలుకదే, ఆ రుచి చూసే చోటు ఎక్కడో వంటకంలోనే రాసి ఉండాలి.

బియ్యం 300 గ్రాములు అన్నప్పుడు పచ్చి బియ్యమా, ఉడికిన అన్నమా అనేది చెప్పకపోతే సగానికి పైగా తేడా వస్తుంది. సోనామసూరి పచ్చి బియ్యం 300 గ్రాములకు 600 మిల్లీలీటర్ల నీళ్ళు, నలుగురికి సరిపోతుంది. బాస్మతి వాడితే నీళ్ళ లెక్క మారుతుంది. "కప్పు" అనే మాటను మాత్రం పుస్తకంలో ఎక్కడా రానివ్వలేదు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, కొలత కప్పుల సెట్లలో 240 ఉన్నవీ 250 ఉన్నవీ రెండూ అమ్ముతారు. టీ కప్పుల సంగతి చెప్పనక్కర్లేదు.

చెంచాలు వాడాను. చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా 15, రెండూ తలకొట్టి. ఈ తలకొట్టడం ఎంత ముఖ్యమో ఈ దేశపు పాత వంట పుస్తకాలు చదివితే తెలుస్తుంది. వాటిలో ఔన్సులు, పైంట్లు, కుప్పగా తీసిన చెంచాలు ఉంటాయి. కుప్పగా తీసిన చెంచాడు మైదాపిండి తలకొట్టిన చెంచాకు దాదాపు రెండింతలు తూగుతుంది. పైంట్ కూడా ఇక్కడ 568 మిల్లీలీటర్లు, అమెరికా పుస్తకంలో 473. మన గిద్దలూ సోలలూ ఎంత కచ్చితమైన కొలతలైనా, ఆ పాత్ర ఇంట్లో లేనివాడికి ఉత్త మాటలే.

ఉప్పులోనూ ఇదే చిక్కు. సన్నటి టేబుల్ సాల్ట్ ఒక చిన్న చెంచా సుమారు 6 గ్రాములు, రేకుల సముద్రపు ఉప్పు అదే చెంచాకు దాదాపు సగమే తూగుతుంది. అందుకని "సన్నటి ఉప్పు 2 చిన్న చెంచాలు, 12 గ్రాములు" అని రెండు విధాలా రాశాను.

కొలత తర్వాత వస్తువు సంగతి. కౌంటీ కార్క్‌లోని షానగారీలో మర్టిల్ ఆలెన్ అనే ఆవిడ 1964లో తమ ఇంట్లోనే, బాలీమలూ హౌస్‌లో, భోజనశాల తెరిచారు. ఐరిష్ ఫార్మర్స్ జర్నల్‌లో వంటల శీర్షిక రాశారు, 1977లో బాలీమలూ వంటల పుస్తకం తెచ్చారు. ఆవిడ వాడిన వెన్న, బంగాళాదుంప, మజ్జిగే ఆవిడ పాఠకులకూ అందుబాటులో ఉండేవి. మనకా వెసులుబాటు లేదు. ఏలూరు వంటింట్లో పుట్టిన కూర డబ్లిన్ వంటింట్లో నిలబడాలి. వస్తువు పేరు పక్కన షాపు ప్యాకెట్ మీద ఏ పేరు ఉంటుందో కూడా రాస్తున్నది అందుకే. లేకపోతే మినప్పప్పు కోసం వెళ్ళినవాళ్ళు మరో పప్పు పట్టుకొస్తారు.

ఇక మాటలు. పోపు, తాలింపు, తిరగమోత మూడూ మా ఇంట్లో వినబడతాయి. పుస్తకంలో ఒక్క "పోపు" మాత్రమే ఉంది. లేకపోతే చదివే పిల్ల మూడు వేరువేరు పనులనుకుంటుంది. "వేయించాలి" అని వదిలేయకుండా ఎక్కడ ఆపాలో చెప్పాను: "మీడియం మంట మీద నువ్వుల నూనె 4 పెద్ద చెంచాలు వేడి చేసి, వేరుశనగపప్పు వేసి, గోధుమరంగు మచ్చలు రాగానే తీసి పక్కన పెట్టాలి." అదే నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు. పప్పులు బంగారు రంగుకు తిరగ్గానే ఎండుమిర్చి, ఇంగువ. ఇక్కడి అద్దపు కరెంటు పొయ్యి ఆపినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. గ్యాసు మీద "పొయ్యి ఆపేయాలి" అన్నది ఇక్కడ "బాణలి పొయ్యి మీంచి దించాలి" అని మార్చాను. ఆ ఒక్క మాటతో మినప్పప్పు మాడిపోవడం తగ్గింది.

పులుసు ఉడకడానికి 10 నుంచి 12 నిమిషాలని రాశాను గానీ, నిమిషాలు వెడల్పు బాణలికి ఒకటి, ఇరుకు గిన్నెకు మరొకటి. నమ్మదగింది గుర్తు: గరిటెతో అడుగున గీత గీస్తే పులుసు వెంటనే కమ్ముకోకుండా రెండు క్షణాలు దారి కనిపించాలి, అంచుల్లో నూనె తేలాలి. అందుకే ప్రతి వంటకంలో సమయం ముందు, గుర్తు దాని పక్కన. ఇడ్లీపిండికైతే గుర్తే దిక్కు. చలికాలంలో ఇక్కడి వంటింట్లో "రాత్రంతా పులియనివ్వాలి" అంటే పొద్దున్నకు ఏమీ జరగదు. "పిండి రెట్టింపై, పైన బుడగలు వచ్చేదాకా" అంటేనే అర్థం.

రాసిన వంటకాన్ని పరీక్ష చేయడమంటే నేను మళ్ళీ వండుకోవడం కాదు. నా చేతికి తెలిసినవి నాకు తెలియకుండానే వేసేస్తాను. పులిహోర ఎన్నడూ వండని ఒక అమ్మాయికి కాగితం ఇచ్చి, ఆమె పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూశాను. "ఆంటీ, అన్నం వేడిగా ఉండగానే కలపాలా?" అని అడిగింది. ఆ మాట కాగితంలో లేదు. "పళ్ళెంలో పరిచి, చెంచాడు నూనె వేసి, గోరువెచ్చబడ్డాక" అనే వాక్యం ఆమె ప్రశ్నలోంచి వచ్చింది.

పేజీకొస్తే, ఒక వంటకం ఎదురెదురు రెండు పేజీల్లోనే అయిపోవాలి. పసుపు చేతులతో పేజీ తిప్పించకూడదు. ఎడమవైపు వస్తువులు వాడే వరుసలో, కుడివైపు పద్ధతి. తెలుగు అచ్చుకు వరుసల మధ్య చోటు ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకు తగులుకుంటాయి. పొయ్యి దగ్గర నిలబడి అర మీటరు దూరం నుంచి చదవడానికి అక్షరం 14 పాయింట్లు ఉండాలి. స్పైరల్ బైండింగ్ అయితే పుస్తకం బల్ల మీద పరుచుకుని పడుంటుంది. అంచున ఖాళీ వదలండి, వండేవాళ్ళు తమ మార్పులు అక్కడ రాసుకుంటారు.

మీ అమ్మగారి చేతి వంటలు రాయాలనుకుంటే, ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు చిన్న తూకం యంత్రం వెంట తీసుకెళ్ళండి. ఆవిడ చింతపండు తీసి గిన్నెలో వేసే ముందే తూచండి.